పీఓ ఇంటర్వ్యూ: "బ్యాంకింగే ఎందుకు?" అన్నదానికి నా జవాబు చూసి చెప్పండి

పెన్నాతీరం

అందరికీ నమస్కారం. ఐబీపీఎస్ పీఓ మెయిన్స్ గట్టెక్కాను. జనవరిలో ఇంటర్వ్యూ ఉంటుందని చూస్తున్నాను. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర పల్లె. 2022లో బీటెక్ మెకానికల్ అయింది. ఏడాదిన్నర ఒక ఆటో విడిభాగాల కంపెనీలో క్వాలిటీ సెక్షన్‌లో చేశాను. తర్వాత మానేసి ప్రిపరేషన్‌లో కూర్చున్నాను. నాన్నకు నాలుగెకరాల మెట్ట పొలం ఉంది. వేరుశనగ వేస్తారు, ఏటా బ్యాంకులో పంట రుణం తీసుకుంటారు.

"బ్యాంకింగే ఎందుకు?" అంటే చెప్పడానికి ఇది రాసుకున్నాను:

"బ్యాంకింగ్ రంగం దేశ ఆర్థిక వ్యవస్థకు వెన్నెముక. వేగంగా ఎదుగుతున్న రంగం. ప్రజలకు సేవ చేసే అవకాశంతో పాటు ఉద్యోగ భద్రత, పదోన్నతులు ఉంటాయి. ఇంజినీరింగ్‌లో నేర్చుకున్న విశ్లేషణ శక్తి ఇక్కడ ఉపయోగపడుతుంది."

ఇది సరిపోతుందా? కరెంట్ అఫైర్స్ ఎన్ని నెలలవి చదవాలి? బ్యాంకింగ్ బేసిక్స్ ఎంత లోతుగా అడుగుతారు? పెద్దవాళ్లు ఎవరైనా చెబితే మేలు.

జీకే_శ్రీను

బ్రో, జవాబు బాగానే ఉంది, బట్టీ పట్టెయ్. అసలు పని కరెంట్ అఫైర్స్. ఆరు నెలల పీడీఎఫ్ మొత్తం తిప్పెయ్. రెపో, సీఆర్ఆర్, ఎస్ఎల్ఆర్, ఆర్‌బీఐ గవర్నర్, డిప్యూటీ గవర్నర్లు, బ్యాంకుల హెడ్ ఆఫీసులు, ట్యాగ్‌లైన్లు, స్కీములు మొదలైన తేదీలు. పోయినేడు నన్ను అడిగినవన్నీ ఇలాంటివే. నాలుగు చెప్పాను, రెండు రాలేదు.

మూర్తి_రిటైర్డ్

నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో ఎక్కువ కాలం లోన్ల సెక్షన్‌లోనే పనిచేశాను. ఇంటర్వ్యూ బోర్డుల్లో కూడా కూర్చున్నాను. శ్రీను చెప్పిన రకం ప్రశ్నలు ఉంటాయి, కాదనను. కానీ అవి ఎప్పుడు వస్తాయో చెబుతాను.

అభ్యర్థి లోపలికి వచ్చాక మాకు దొరికేది పది పదిహేను నిమిషాలు. చేతిలో బయోడేటా ఉంటుంది. మొదట అతని గురించి చెప్పమంటాం, ఆ వెంటనే బ్యాంకింగ్ ఎందుకని అడుగుతాం. "ఆర్థిక వ్యవస్థకు వెన్నెముక" అని ఒకే రోజు చాలామంది నోట వింటాం. అందులో పట్టుకుని అడగడానికి ఏమీ దొరకదు. అప్పుడు బోర్డు తన దగ్గరున్న ప్రశ్నలు తీస్తుంది. ఫలానా బ్యాంకు హెడ్ ఆఫీసు ఎక్కడ, ఈ స్కీము ఏ సంవత్సరం మొదలైంది, ఇలాంటివి. శ్రీనుకు అవే ఎందుకు వచ్చాయో ఇప్పుడు అర్థమయిందా? జవాబులో మనిషి కనిపిస్తే ప్రశ్నలు ఆ మనిషి చుట్టూ తిరుగుతాయి. కనిపించకపోతే పుస్తకంలోకి పోతాయి.

పెన్నాతీరం, మీరు ఇంటర్వ్యూకు రాసుకున్న జవాబు కన్నా మాకు రాసుకున్న పరిచయం నయం. నాలుగెకరాలు, వేరుశనగ, పంట రుణం, క్వాలిటీ సెక్షన్ అన్నీ అందులో ఉన్నాయి. జవాబులో ఒక్కటీ లేదు.

రెండు విషయాలు చెప్పండి. ఉద్యోగం ఎందుకు మానేశారు? నాన్నతో కలిసి బ్యాంకుకు ఎప్పుడైనా వెళ్లారా, వెళితే ఏం చూశారు?

హైమ_తెనాలి

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది క్లర్క్ మెయిన్స్ అయింది. మాకూ ఈ "బ్యాంకింగ్ ఎందుకు" ప్రశ్న ప్రిపేర్ అవ్వాలా? టెన్షన్‌గా ఉంది.

సౌమ్య_పీఓ

హైమా, క్లర్క్‌కు ఇంటర్వ్యూ లేదు. మెయిన్స్ మార్కులతోనే లిస్టు వస్తుంది. స్థానిక భాష పరీక్ష ఒకటి ఉంటుంది. తెలుగు చదవడం, రాయడం, మాట్లాడటం వస్తే దాని గురించి భయం అక్కర్లేదు. ఈ థ్రెడ్ పీఓ వాళ్లది.

పెన్నాతీరం

మూర్తి గారూ, ఉద్యోగం మానేయడానికి పెద్ద గొడవేమీ లేదు. రాత్రి షిఫ్టుల వల్ల చదువుకోవడానికి టైం ఉండేది కాదు, అందుకే మానేశాను.

బ్యాంకుకైతే చాలాసార్లు వెళ్లాను. ఏటా గడువు దగ్గర పడగానే నాన్న రుణం రెన్యువల్ చేయించాలి. ఆ పాత డబ్బు మొత్తం ఒకేసారి ఉండదు. ఊళ్లో ఒకాయన దగ్గర రెండు రోజులకు తెచ్చి, కమిషన్ ఇచ్చి, బ్యాంకులో కట్టి, కొత్త లోన్ రాగానే ఆయనకు తిరిగి ఇచ్చేస్తారు. ఇదంతా ఎందుకని ఒకసారి ఫీల్డ్ ఆఫీసరును అడిగాను. గడువులోపు కడితేనే వడ్డీ తగ్గుతుందని పేపర్ మీద లెక్క వేసి చూపించారు. ఆ తర్వాత మా వీధిలో ఉన్నవాళ్ల పాస్‌బుక్కులు చూసి గడువు తేదీలు నోట్‌బుక్‌లో రాసి పెట్టాను. నెల ముందే గుర్తు చేస్తుంటాను. ఇది ఇంటర్వ్యూలో చెప్పదగ్గ విషయమేనా? చిన్నదిగా అనిపించి వదిలేశాను.

మూర్తి_రిటైర్డ్

చెప్పదగ్గ విషయం అదే. నేను బోర్డులో ఉంటే కుర్చీలో కాస్త ముందుకు జరిగి వింటాను.

అయితే దాన్ని చెప్పారంటే తర్వాత వచ్చే ప్రశ్నలకు మీరు సిద్ధంగా ఉండాలి. అవి ఎలా సాగుతాయో రాస్తున్నాను. వెంటనే కింద చూడకుండా ఒక్కొక్కదానికి మీరే జవాబు అనుకుని, తర్వాత చదవండి.

మొదటి ప్రశ్న: "మీ నాన్నగారి లోన్ లిమిట్ ఎంత? దాన్ని ఎలా లెక్కగట్టారు?" చాలామంది రైతు బిడ్డలు ఇక్కడే ఆగిపోతారు. పంట రుణం ఇచ్చేది కిసాన్ క్రెడిట్ కార్డు, అంటే కేసీసీ మీద. దాని లిమిట్ మేనేజరు నోటికి వచ్చిన అంకె కాదు. ఏ పంటకు ఎకరాకు ఎంత ఇవ్వాలో జిల్లా స్థాయి కమిటీ ఏటా ఖరారు చేస్తుంది. దాన్నే స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ అంటాం. మీ జిల్లాది తెలుసుకుని వెళ్లండి. లెక్క కోసం ఎకరాకు 30,000 అనుకుందాం. నాలుగెకరాలకు 1,20,000. కోత తర్వాతి ఖర్చులకు, ఇంటి అవసరాలకు అందులో పది శాతం, అంటే 12,000. పొలం పనిముట్లు, మోటారు లాంటివాటి నిర్వహణకు ఇరవై శాతం, 24,000. మొత్తం 1,56,000. పంట బీమా ప్రీమియం దీనికి అదనం. ఇది మొదటి ఏడాది లెక్క. కార్డు ఐదేళ్లకు ఇస్తారు కాబట్టి పెరిగే ఖర్చులకు తగ్గట్టు ఏటా కొంత పెంచుతారు.

రెండో ప్రశ్న: "దీనికి తాకట్టు ఏం పెట్టారు?" 2025 జనవరి 1 నుంచి రెండు లక్షల వరకు వ్యవసాయ రుణానికి పూచీకత్తు అడగకూడదు. అంతకుముందు ఆ హద్దు 1,60,000 ఉండేది. కాబట్టి ఈ లిమిట్‌కు పండే పంటే హామీ. ఇది కరెంట్ అఫైర్స్ కూడా, బ్యాంకింగ్ అవేర్‌నెస్ కూడా. ఈ రెండింటినీ వేరు వేరు సబ్జెక్టులుగా చదవకండి.

మూడోది: "గడువులోపు కడితే ఎంత మిగులుతుంది?" మూడు లక్షల వరకు పంట రుణానికి వడ్డీ ఏడు శాతం. సకాలంలో కడితే మూడు శాతం రాయితీ వచ్చి నాలుగే పడుతుంది. 1,56,000 ఏడాది పొడవునా వాడుకున్నారనుకుంటే ఏడు శాతం లెక్కన 10,920, నాలుగు లెక్కన 6,240. తేడా 4,680. ఊళ్లో ఆయనకు మీ నాన్న ఇచ్చే కమిషన్ దీనికన్నా తక్కువైతేనే ఆ తిప్పలకు అర్థం ఉంది. ఆ కమిషన్ ఎంతో మీకు తెలుసు కాబట్టి ఈ పోలిక మీరే చెప్పగలరు, పీడీఎఫ్ చదివినవాళ్లు చెప్పలేరు.

నాలుగోది కాస్త గట్టిది: "గడువు దాటితే ఎప్పుడు ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది?" దీనికి మీ జవాబు రాయండి.

జీకే_శ్రీను

ఇది ఈజీ సార్. తొంభై రోజులు దాటితే ఎన్‌పీఏ. ఇంకో మాట. 2025 డిసెంబరులో రెపో 5.25కు తగ్గింది కదా, అంటే పెన్నాతీరం వాళ్ల నాన్న లోన్ వడ్డీ కూడా తగ్గుతుంది. ఈ పాయింట్ ఇంటర్వ్యూలో వేస్తే అదిరిపోతుంది.

క్రెడిట్_డెస్క్

శ్రీనూ, రెపో అంకె కరెక్ట్. మిగతా రెండూ ఈ లోన్‌కు వర్తించవు.

తొంభై రోజుల నిబంధన హౌస్ లోన్, కార్ లోన్, వ్యాపార రుణాల లాంటివాటికి. పంట రుణానికి లెక్క పంటకాలాన్ని బట్టి ఉంటుంది. వేరుశనగ లాంటి తక్కువ కాలం పంటకైతే అసలు గానీ వడ్డీ గానీ రెండు పంటకాలాలు బకాయి పడితే ఎన్‌పీఏ. ఏడాదికి మించి సమయం పట్టే పంటలకు ఒక పంటకాలం. ఏ పంటకు పంటకాలం ఎంతో రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీ నిర్ణయిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ కమిటీ కన్వీనర్ యూనియన్ బ్యాంకు, తెలంగాణలో స్టేట్ బ్యాంకు. పంట చేతికి వచ్చి అమ్ముడు పోతే గానీ రైతు చేతిలో డబ్బు ఆడదు. నెలనెలా జీతం వచ్చేవాడికి పెట్టిన గడువు రైతుకు పెట్టలేం. ఈ కారణం ఒక్క వాక్యంలో చెబితే నిబంధన మర్చిపోయినా మార్కు పడుతుంది.

ఇక రెపో. ఆ ఏడు శాతం మార్కెట్ రేటు కాదు. కేంద్ర ప్రభుత్వం వడ్డీ రాయితీ పథకంలో పెట్టిన రేటు. రెపో 6.50 ఉన్నప్పుడూ రైతుకు ఏడే, 5.25 అయినా ఏడే. రెపో తగ్గితే వెంటనే తగ్గేది దానికి ముడిపెట్టిన రుణాలు. 2019 అక్టోబరు నుంచి కొత్త ఫ్లోటింగ్ హౌస్ లోన్లు, చిన్న వ్యాపారాల రుణాలు ఇలా బయటి రేటుకు కట్టి ఇస్తున్నారు, కనీసం మూడు నెలలకోసారి రేటు సవరించాలి. 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా మొత్తం ఒకటింబావు శాతం తగ్గింది. 30 లక్షల బకాయి ఉన్న హౌస్ లోన్‌కు ఏడాదికి ఇంచుమించు 37,500 వడ్డీ తేడా. బ్యాంకు సొంత ఖర్చును బట్టి రేటు పెట్టే పాత ఎంసీఎల్ఆర్ లోన్లు నెమ్మదిగా దిగుతాయి. పంట రుణం కదలదు.

జీకే_శ్రీను

థాంక్స్ సార్, ఏడు శాతం స్కీము రేటని తెలుసు గానీ రెపోతో కలిపి ఆలోచించలేదు. కానీ నా మాట మీద నేనే ఉన్నాను. అందరికీ మూర్తి గారి లాంటి బోర్డు దొరకదు. నా బోర్డులో ఒకాయన వరుసగా అంకెలే అడిగారు. అవి రాకపోతే మొహం తేలేసినట్టే.

సౌమ్య_పీఓ

శ్రీను చెప్పింది నిజమే, బోర్డు బోర్డుకూ తేడా ఉంటుంది. మా బ్యాచ్‌లో ఒక్క కరెంట్ అఫైర్ కూడా అడగనివాళ్లున్నారు, అవే అడిగినవాళ్లూ ఉన్నారు. అందుకని ఓ పదీ పదిహేను అంకెలు మాత్రం కచ్చితంగా నోటికి ఉండాలి. 2025 డిసెంబరు నాటికి రెపో 5.25, సీఆర్ఆర్ 3, ఎస్ఎల్ఆర్ 18, డిపాజిట్ ఇన్సూరెన్స్ ఐదు లక్షలు, ద్రవ్యోల్బణం లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2. 2026 ఫిబ్రవరి మొదటి వారంలో మళ్లీ ద్రవ్య విధాన సమీక్ష ఉంది. ఇంటర్వ్యూ ఆ తర్వాత పడితే రెపో మళ్లీ చూసుకోవాలి.

కానీ నన్ను రెపో ఎంత అని అడిగి ఊరుకోలేదు. "రెపో తగ్గితే బ్యాంకుకు లాభమా నష్టమా?" అన్నారు. లోన్లు ఎక్కువ పోతాయి కాబట్టి లాభమన్నాను. "వెంటనేనా?" అని మళ్లీ అడిగారు. అప్పుడు ఆలోచించాల్సి వచ్చింది. హౌస్ లోన్ల వడ్డీ మూడు నెలల్లోపే తగ్గిపోతుంది. కానీ నిరుడు ఏడు శాతానికి రెండేళ్ల ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసినవాళ్లకు బ్యాంకు గడువు దాకా ఆ ఏడూ ఇవ్వాల్సిందే. వచ్చే వడ్డీ ముందు తగ్గి, ఇచ్చే వడ్డీ తర్వాత తగ్గుతుంది. మధ్యలో మార్జిన్ ఇరుకవుతుంది. ఇలా గట్టిగా ఆలోచిస్తూ చెప్పాను. చైర్మన్ గారు తల ఊపారు.

ఇంకో ప్రశ్న అస్సలు ఊహించలేదు. "మీ ఇంట్లో అకౌంట్‌కు నామినీ ఎవరు? ఆయనకే డబ్బంతా సొంతమా?" నామినీ చేతికి బ్యాంకు డబ్బు ఇస్తుంది, వారసుల హక్కు అలాగే ఉంటుంది. ఇప్పుడు అడిగితే కొత్త మార్పు కూడా కలపాలి. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్‌కు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో రాయొచ్చు, లేదా ఒకరి తర్వాత ఒకరు అని వరుస పెట్టొచ్చు. లాకర్‌కైతే వరుస పద్ధతి ఒక్కటే. బ్రాంచిలో చేరాక రోజూ కౌంటర్ దగ్గర ఇదే చెబుతున్నాను.

పెన్నాతీరం

అక్కా, రెపో ఎందుకు తగ్గించారు అని అడిగితే ఏం చెప్పాలి? పీడీఎఫ్‌లో "వృద్ధికి ఊతమివ్వడానికి" అని ఉంది.

సౌమ్య_పీఓ

అది సగం జవాబు తమ్ముడూ. ఊతం ఇవ్వాలని ఎప్పుడూ ఉంటుంది, ఇప్పుడే ఎందుకు కుదిరింది అన్నది ప్రశ్న. ధరలు పెరగడం బాగా నెమ్మదించింది. 2025 అక్టోబరులో రిటైల్ ద్రవ్యోల్బణం 0.25 శాతం, లక్ష్యపు కింది హద్దు రెండు కన్నా కూడా బాగా తక్కువ. ధరల భయం లేనప్పుడే వడ్డీ తగ్గించే వెసులుబాటు ఉంటుంది. అక్కడితో ఆపకుండా మీ ఊరికి రండి. కూరగాయలు, పప్పుల ధరలు పడిపోవడం ఆ అంకె తగ్గడానికి పెద్ద కారణం. పట్నంలో కొనేవాడికి అది ఊరట, పండించినవాడికి నష్టం. రైతు ఇంటి నుంచి వచ్చారు కాబట్టి ఈ రెండో వైపు మీరు చెబితే నిజంగా వినిపిస్తుంది.

నల్లమల_92

నాదొక సమస్య. ఇంటర్వ్యూ దాటుతానన్న ధైర్యం ఉంది. కానీ ఎడ్యుకేషన్ లోన్ ఏడాదిగా సరిగ్గా కట్టలేదు. నాన్నకు ఆరోగ్యం బాగాలేక డబ్బంతా అటు పోయింది. బోర్డులో దీని గురించి అడుగుతారా? ముందే చెప్పాలా, చెప్పకూడదా?

క్రెడిట్_డెస్క్

నల్లమల గారూ, ఇది బోర్డుతో తేలే విషయం కాదు, చేరేటప్పుడు వచ్చే విషయం. నోటిఫికేషన్‌లో క్రెడిట్ హిస్టరీ గురించి ఒక పేరా ఉంటుంది, చాలామంది దాటేసి పోతారు. చేరే నాటికి రికార్డు సరిగ్గా ఉండాలి, లేదా అప్పు ఇచ్చిన సంస్థ నుంచి బకాయి ఏమీ లేదని కాగితం చూపించాలి. ఎంత స్కోరు కావాలన్నది ఏ బ్యాంకుకు ఆ బ్యాంకు పాలసీ.

ఈ వారమే లోన్ ఇచ్చిన బ్రాంచికి వెళ్లండి. కనీసం బకాయి కిస్తీలన్నా కట్టి అకౌంటు రెగ్యులర్ చేయించుకోండి. సెటిల్‌మెంట్‌కు మాత్రం తొందరపడకండి. కొంత మాఫీ చేసి మూసేస్తే రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది, పూర్తిగా కట్టినట్టు లెక్క కాదు. కట్టాక రిపోర్టులో మారడానికి కొన్ని వారాలు పడుతుంది, అందుకే ఆలస్యం చేయొద్దు. బోర్డులో వాళ్లు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, నాన్నగారి వైద్యం, ఇప్పుడు ఎంత కట్టారు, మిగతాది ఎప్పటికి అని. మీ అంతట మీరు ఎత్తాలా అంటే, నేనైతే ఎత్తను.

నల్లమల_92

మొత్తం ఎనిమిది కిస్తీలు ఒకేసారి కట్టాలంటే కష్టమే. సగం కడితే రెగ్యులర్ అవుతుందా?

క్రెడిట్_డెస్క్

ఎన్‌పీఏ అయిపోయిన అకౌంటు అయితే సగంతో కాదు. వడ్డీ, అసలు బకాయి మొత్తం తీరితేనే మళ్లీ స్టాండర్డ్‌లోకి వస్తుంది. ఇంకా కాకపోతే కట్టినంత మేరకు బకాయి రోజులు తగ్గుతాయి. మీది ఏ స్థితిలో ఉందో బ్రాంచిలోనే అడగాలి.

పెన్నాతీరం

అందరి మాటలూ పెట్టుకుని మళ్లీ రాశాను. చూడండి:

"మా నాన్న నాలుగెకరాల వేరుశనగ రైతు. ఏటా పంట రుణం తీసుకుంటారు. గడువులోపు కడితే వడ్డీ ఏడు నుంచి నాలుగుకు తగ్గుతుందని ఒక ఫీల్డ్ ఆఫీసర్ మాకు లెక్క వేసి చూపించేదాకా మా వీధిలో చాలామందికి తెలియదు. అప్పటి నుంచి ఇరుగుపొరుగు వాళ్ల గడువు తేదీలు నేను రాసి పెట్టి గుర్తు చేస్తున్నాను. ఆ ఆఫీసర్ చేసిన పని నేను చేయాలనుకున్నాను. కంపెనీలో క్వాలిటీ చెకింగ్ చేశాను. తప్పు ఎక్కడ మొదలైందో వెతకడం అక్కడ నేర్చుకున్నాను. లోన్ ఫైలు చూసేటప్పుడు అది పనికొస్తుందని నమ్ముతున్నాను."

మూర్తి_రిటైర్డ్

ఇప్పుడు వినాలనిపిస్తోంది. రెండు చోట్ల చెయ్యి పెడతాను.

"క్వాలిటీ పని పనికొస్తుంది" అన్నారు కదా, ఎలా అని తప్పకుండా అడుగుతారు. ఒక ఉదాహరణ పెట్టుకోండి. ఒక బ్యాచ్‌లో ముక్కలన్నీ ఒకే చోట పగులుతుంటే మీరేం చేసేవారు? ముక్కలు పారేసి ఊరుకోకుండా ఏ మెషీన్, ఏ షిఫ్టు, ఏ సరుకు అని వెనక్కి వెళ్లేవారు. ఒక ఊళ్లో పది కేసీసీలు ఒకేసారి బకాయి పడితే కూడా అలాగే చూడాలి. వానలేకనా, రైతులు పంట మార్చారా, మధ్యలో ఎవరైనా దళారీ ఉన్నాడా? ఇలా చెబితే మెకానికల్ వాడు బ్యాంకుకెందుకు అన్న ప్రశ్నకు కూడా అక్కడే జవాబు వచ్చేస్తుంది.

రెండోది గ్యాప్. మీరు జవాబులో దాన్ని ముట్టుకోలేదు, పర్వాలేదు, కానీ వాళ్లు ముడతారు. షిఫ్టుల వల్ల చదవడం కుదరలేదని నాకు చెప్పినట్టే చెప్పండి. కంపెనీని తిట్టవద్దు. ఆ ఖాళీ కాలంలో చదువు తప్ప ఇంకేం చేశారంటే మీ నోట్‌బుక్ ఉండనే ఉంది. వీలుంటే ఆ నోట్‌బుక్కులో ఎంతమంది తేదీలున్నాయో లెక్కపెట్టుకుని వెళ్లండి, అడుగుతారు.

క్రెడిట్_డెస్క్

ఒక మాట నేను ఒప్పుకోను. కొత్త జవాబులో ఉద్యోగ భద్రత పూర్తిగా తీసేశారు. ప్రైవేటు ఉద్యోగం వదిలి వచ్చినవాడు దాన్ని అసలు ఎత్తకపోతే దాస్తున్నట్టు ఉంటుంది. చివర్లో ఒక వాక్యం, "ఇంటికి స్థిరమైన ఆదాయం కావాలన్నది కూడా ఒక కారణం" అంటే తప్పేంటి?

మూర్తి_రిటైర్డ్

తప్పు లేదు. అడిగితే చెప్పమంటాను. వాళ్లు అడగకముందే ఎత్తితే, తర్వాతి పది నిమిషాలు "మరి కలెక్టరాఫీసులో గుమాస్తా అయినా స్థిరమే కదా" అన్న దారిలో పోతాయి. నేను చూసిన బోర్డుల్లో ఆ దారి పట్టినవాళ్లు తేరుకోవడానికి ఇబ్బంది పడ్డారు.

సౌమ్య_పీఓ

నేను నా ఇంటర్వ్యూలో ఉద్యోగ భద్రత గురించి చెప్పాను. ఏమీ కాలేదు. సెలెక్ట్ కూడా అయ్యాను. కాబట్టి ఇది బోర్డును బట్టే అనుకుంటున్నాను.

పెన్నాతీరం

చివరి డౌట్. ఇంటర్వ్యూ మార్కులకు ఇంత కష్టపడాలా? మెయిన్స్‌లో నాకు బాగానే వచ్చాయి.

క్రెడిట్_డెస్క్

తుది లెక్కలో మెయిన్స్‌కు 80, ఇంటర్వ్యూకు 20. ఇంటర్వ్యూ వందకు ఉంటుంది. జనరల్‌కు 40, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు 35 వస్తేనే అర్హత. మీకు 45 వచ్చి పక్కవాడికి 65 వస్తే తుది లిస్టులో నాలుగు మార్కుల తేడా. కటాఫ్ దగ్గర అర మార్కుకే చాలామంది ఉంటారు. ఏ బ్యాంకు వస్తుందన్నది కూడా ఈ తుది మార్కుతోనే.

జీకే_శ్రీను

పెన్నాతీరం బ్రో, ఇంకో ప్రశ్న రెడీ చేసుకో. రైతు బిడ్డవి కాబట్టి గ్యారంటీగా అడుగుతారు. "రుణమాఫీ మంచిదా చెడ్డదా?" 2024లో తెలంగాణలో రెండు లక్షల వరకు మాఫీ అయింది కదా. మన దగ్గర 2014 తర్వాతా ఇదే చర్చ.

మూర్తి_రిటైర్డ్

మంచి ప్రశ్న, శ్రీనూ. ఎటు వాలినా ఎదురు ప్రశ్న తప్పదు. మంచిదంటే, క్రమంగా కట్టిన రైతు ఏం పాపం చేశాడంటారు. చెడ్డదంటే, పంట పోయినవాడు ఎక్కడికి పోవాలంటారు. పెన్నాతీరం, మీరేమంటారు?

పెన్నాతీరం

పంట నిజంగా పోయినవాడికి రుణం రీషెడ్యూల్ చేసి, బీమా డబ్బు తొందరగా ఇప్పించాలి అంటాను. మాఫీ ప్రకటన రాగానే మా వీధిలోనూ కొందరు కట్టడం ఆపేశారు. మాఫీ వచ్చేసరికి మధ్యలో వడ్డీ పెరిగింది, గడువు దాటడంతో రాయితీ కూడా పోయింది. ఇది నేను చూశాను.

క్రెడిట్_డెస్క్

బాగుంది, కానీ బీమా దగ్గర ఆపుతారు. మీ నాన్నకు బీమా డబ్బు ఎప్పుడైనా వచ్చిందా, ఎన్నాళ్లకు వచ్చిందని అడుగుతారు. పంట నష్టాన్ని రైతు పొలం చూసి కాకుండా ఒక ప్రాంతం మొత్తాన్ని యూనిట్‌గా తీసుకుని లెక్కిస్తారు. పక్క ఊళ్లో బాగా పండితే మీ పొలం ఎండినా పరిహారం తక్కువ రావచ్చు. నాన్నను అడిగి ఆ సంగతి తెలుసుకుని రండి.

పెన్నాతీరం

ఒకసారి వచ్చినట్టు గుర్తు, ఎంతో తెలియదు. సాయంత్రం నాన్న పొలం నుంచి రాగానే పాస్‌బుక్కు తీసి చూసి రాస్తాను.